గేటుకు అంటించిన నోటీసులో అసలేముంది, జూన్ 18 లోపు ఏం చేసుకోవాలి

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా. మా బాపు పేరు మీద 150 గజాల జాగాల ఇల్లున్నది. కింద ఒకటి, మీద ఒకటి, రెండంతస్తులకే పర్మిషన్ ఉన్నది. నిరుడు మీద ఇంకో అంతస్తు ఏసినం. జూన్ 9న మున్సిపాలిటోళ్లు గేటుకు నోటీసు అంటిచ్చిపోయిన్రు, పోస్టుల ఏం రాలే. నోటీసు ఫోటో పంపుతున్న. అండ్ల ఏమున్నదో మాకు సమజయ్యేటట్టు చెప్పున్రి. హియరింగ్‌కు పోవాల్నా, వద్దా? ఇల్లు కూలగొడ్తరా? మా ముందు ఏం దారులున్నయి?

జవాబు:

ఇది కూల్చివేత ఉత్తర్వు కాదు. సంజాయిషీ నోటీసు, అంటే షోకాజ్. "ఈ కట్టడాన్ని ఎందుకు తొలగించకూడదో చెప్పండి" అని అడుగుతున్నారు. చెప్పే అవకాశం మీ చేతిలో ఉన్నంతవరకు చట్టప్రకారం జేసీబీ రాకూడదు. హియరింగ్‌కు తప్పకుండా పోవాలి. పోకపోతే వాళ్లు రాసుకున్న కొలతలే ఖాయమవుతాయి, ఆ తర్వాత హైకోర్టుకు వెళ్లినా "పిలిస్తే ఎందుకు రాలేదు" అన్న ప్రశ్నే ముందు ఎదురవుతుంది.

ఫోటో రెండుసార్లు చదివాను. మొదటి పేరాలో తెలంగాణ మున్సిపాలిటీల చట్టం 2019లోని 174, 178 సెక్షన్లు రాశారు. 174 ఇంటి అనుమతుల గురించి, 178 అనుమతి లేని కట్టడాల మీద చర్యల గురించి. రెండో పేరాలో టౌన్ ప్లానింగ్ సిబ్బంది వచ్చి చూశారని చెప్పి మూడు తప్పులు చూపించారు. ఒకటి, అనుమతి లేకుండా రెండో అంతస్తు కట్టడం. రెండు, తూర్పు పక్కన 1.00 మీటరు ఖాళీ వదలాల్సింది 0.70 మీటరే వదలడం. మూడు, ముందు వైపు వదలాల్సిన ఖాళీలో రేకుల షెడ్డు వేయడం. చివరి పేరాలో ఏడు రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వాలని, జూన్ 18 ఉదయం 11 గంటలకు కమిషనర్ ముందు దస్తావేజు, మంజూరైన ప్లాన్, ప్రొసీడింగ్స్, ఇంటిపన్ను రసీదుతో హాజరు కావాలని ఉంది. రాకపోతే ఉన్న రికార్డును బట్టే నిర్ణయం తీసుకుంటామని, తొలగించే ఖర్చు మీ దగ్గరే వసూలు చేస్తామని రాశారు. నోటీసులో ఉన్నది ఇంతే, మిగతాది అంతా ఆఫీసు భాష.

ఇప్పుడు తేదీల సంగతి చూద్దాం. నోటీసు మీద జూన్ 3 అని ఉంది, గేటుకు అంటించింది జూన్ 9న. ఈ ఆరు రోజుల తేడా చిన్నది కాదు. కూల్చివేతల మీద సుప్రీంకోర్టు 2024 నవంబర్ 13న దేశమంతటికీ వర్తించే ఆదేశాలు ఇచ్చింది. అందులో మీకు పనికొచ్చే మాటలు ఇవి: నోటీసును రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి, ఇంటికి కూడా అంటించాలి. జవాబుకు అందిన రోజు నుంచి 15 రోజులు, లేదా స్థానిక చట్టంలో ఉన్న గడువు, ఈ రెంటిలో ఏది ఎక్కువైతే అది ఇవ్వాలి. వెనకటి తేదీ వేసి నోటీసు ఇవ్వకుండా ఉండటానికి మున్సిపాలిటీ ఆ సంగతి కలెక్టరు కార్యాలయానికి ఈమెయిల్‌లో వెంటనే తెలపాలి. అంటే మీ గడువు జూన్ 3 నుంచి ఏడు రోజులు కాదు. అంటించిన జూన్ 9నే అందిన రోజుగా లెక్కపెట్టినా జూన్ 24 వరకు మీకు టైం ఉంది. గేటు మీద ఉన్నప్పుడే ఫోన్‌తో ఫోటో తీసి ఉంటే అందులో తేదీ, సమయం నమోదై ఉంటాయి, దాన్ని చెరపకండి. పోస్టు తర్వాత వస్తే కవరు పారేయకండి, దాని మీది ముద్రే సాక్ష్యం.

అయితే ఈ మాట పట్టుకుని 18న ఇంట్లో కూర్చోవద్దు. ఆ రోజు వెళ్లండి, దరఖాస్తులో "నాకు నోటీసు అందింది జూన్ 9న, పూర్తి జవాబుకు జూన్ 24 వరకు గడువు ఇవ్వండి" అని రాసివ్వండి, తయారైనంత జవాబు కూడా ఆ రోజే ఇచ్చేయండి. గడువు అడిగిన రాత ఫైల్లో ఉండాలి. నోటిమాటతో అడిగినది ఎక్కడా ఉండదు.

2019 చట్టంలోనే, అనుమతి లేకుండా కట్టినా, స్వయంధ్రువీకరణలో తప్పు చెప్పి కట్టినా నోటీసు లేకుండానే కూల్చవచ్చనే మాట ఉంది. చాలామంది దాన్ని చూసి భయపడతారు, కొందరు సిబ్బంది అదే చూపించి భయపెడతారు. 2024 ఆదేశాల తర్వాత నోటీసు, హియరింగ్, కారణాలు రాసిన ఉత్తర్వు, ఈ మూడూ లేకుండా ఇంటి మీద చెయ్యి వేయడం కుదరదు. ఒక్క మినహాయింపు మాత్రం గుర్తుంచుకోండి. రోడ్డు, ఫుట్‌పాత్, రైలు పట్టాల పక్క జాగా, నది, చెరువు లాంటి చోట్ల ఉన్న కట్టడాలకూ, కోర్టే కూల్చమన్నవాటికీ ఈ రక్షణ లేదు. మీ రేకుల షెడ్డు విషయంలో దీనికి మళ్లీ వస్తాను.

నేను ప్లాన్లు గీసి, వాటి వెంట మున్సిపల్ ఆఫీసుల చుట్టూ తిరిగే పని ఇరవై రెండేళ్లుగా చేస్తున్నాను. ఇలాంటి నోటీసు వచ్చినవాళ్లు చేసే పెద్ద తప్పు మూడు ఆరోపణలకూ కలిపి ఒకే జవాబు రాయడం. "పేదవాళ్లం, బంగారం కుదువపెట్టి కట్టుకున్నం, దయచూపండి" అని ఒక కాగితం ఇచ్చి వస్తారు. అది మూడింటినీ ఒప్పుకున్నట్టే అవుతుంది. పైసలు ఖర్చయ్యాయనో, ఏళ్ల తరబడి ఉందనో అక్రమ కట్టడాన్ని కాపాడలేమని 2024 డిసెంబర్ 17న సుప్రీంకోర్టు ఇంకో తీర్పులో గట్టిగా చెప్పింది కూడా. కాబట్టి ఆ మూడింటినీ విడగొట్టాలి. ఒకదానికి కాగితం లేదు గాని నిబంధన ఒప్పుకుంటుంది. ఒకదాంట్లో కొలతే అనుమానం. ఒకటి నిజంగా తప్పు, దాన్ని మీరే తీసేయాలి.

రెండో అంతస్తుతో మొదలుపెడదాం. 150 గజాలంటే సుమారు 125 చదరపు మీటర్లు. మన దగ్గర ఇళ్లకు వర్తించే నిబంధనలు 2012 ఏప్రిల్ 7 నాటి జీవో 168లో ఉన్నాయి. అందులో 100 నుంచి 200 చదరపు మీటర్ల జాగాకు 10 మీటర్ల ఎత్తు వరకు కట్టుకోవచ్చు. 12 మీటర్ల వరకు వెడల్పున్న రోడ్డైతే ముందు మీటరున్నర, మిగతా మూడు పక్కలా ఒక్కో మీటరు వదలాలి. ఇప్పుడు మీ ఇంటి ఎత్తు లెక్క చూడండి. పునాది మట్టం రెండు అడుగులు, ఒక్కో అంతస్తు స్లాబుతో కలిపి పదడుగులు అనుకుంటే మొత్తం 32 అడుగులు, అంటే 9.75 మీటర్లు. పది లోపే. అదే ఒక్కో అంతస్తు పదకొండు అడుగులు లేపి ఉంటే 35 అడుగులు, 10.67 మీటర్లు అవుతుంది, అప్పుడు కథ మారిపోతుంది. మెట్ల గది, నీళ్ల ట్యాంకు ఈ ఎత్తులోకి రావు. కాబట్టి టేపు కిందికి వదిలి పై స్లాబు మీది నుంచి నేల వరకు కొలవండి.

పది మీటర్ల లోపే ఉంటే మీ రెండో అంతస్తు "అడిగితే ఇచ్చేదే, అడగకుండా కట్టింది" అవుతుంది. తప్పు కాదని కాదు, సరిచేసుకోగల తప్పు. దారి ఏమిటంటే, లైసెన్సు ఉన్న ఇంజనీరు చేత ఇప్పుడున్న ఇల్లు ఉన్నట్టుగా గీయించి రివైజ్డ్ ప్లాన్‌కు దరఖాస్తు పెట్టడం, దానికి ఫీజు, అపరాధ రుసుము కడతామని రాసివ్వడం. దరఖాస్తు పెట్టినంత మాత్రాన హక్కు రాదు, వాళ్లు తిరస్కరించవచ్చు కూడా. కాని తిరస్కరించాలంటే కారణం రాయాలి, రోడ్డు వెడల్పు చాలదనో, మాస్టర్ ప్లాన్‌లో మీ ముందు రోడ్డు పెరుగుతుందనో. అందుకే ప్లాన్ గీసే మనిషిని ముందే ఈ రెండూ చూడమనండి.

ఇక్కడ ఒక పెద్ద గుంత ఉంది. ఆన్‌లైన్‌లో పది మీటర్ల లోపు, 500 చదరపు మీటర్ల లోపు ఇంటికి స్వయంధ్రువీకరణ మీద అప్పటికప్పుడే అనుమతి వస్తుంది కదా, "కొత్త ఇల్లు కడుతున్నట్టు పెట్టేద్దాం, ఒక్కపూటలో కాగితం చేతికొస్తది" అని చెప్పే మధ్యవర్తులు దొరుకుతారు. అస్సలు చేయకండి. కట్టి ఉన్న అంతస్తును దాచి కొత్తది కడుతున్నామని ధ్రువీకరించడం అబద్ధపు ప్రకటన. ఇప్పటిదాకా మీది అనుమతి లేని అంతస్తు మాత్రమే, అప్పుడు మోసం చేసి తెచ్చిన అనుమతి కూడా తోడవుతుంది. నోటీసు నంబరు, తేదీ దరఖాస్తులోనే రాసి పెట్టండి.

రెండోది తూర్పు పక్క. నాకు ఈ నోటీసులో అన్నింటికన్నా ఆసక్తిగా అనిపించింది ఆ 0.70 అనే అంకె. ఎక్కడి నుంచి ఎక్కడికి కొలిచారు? నేను చూసిన తనిఖీల్లో మామూలుగా జరిగేది ఇది: సిబ్బంది ఇద్దరు సందులోకి వస్తారు, ఒకరు టేపు కొసను ఇంటి గోడకు ఆనిస్తారు, ఇంకొకరు ప్రహరీ గోడకు ఆనించి చదువుతారు. కాని సెట్‌బ్యాక్ అంటే జాగా హద్దు నుంచి ఇంటి గోడ దాకా ఉండే దూరం. ప్రహరీ గోడ మీ జాగాలో మీరు కట్టుకున్నదైతే హద్దు ఆ గోడకు అవతలి ముఖం. గోడ మందం మీ ఖాళీలోకే వస్తుంది. తొమ్మిదంగుళాల గోడైతే 23 సెంటీమీటర్లు. 0.70కి అది కలిపితే 0.93 మీటరు. నాలుగున్నర అంగుళాల గోడైతే 11.5 సెంటీమీటర్లు, మొత్తం 0.81 మాత్రమే. గోడ ఇద్దరికీ ఉమ్మడిదైతే మధ్య గీత వరకే లెక్క.

ఈ సెంటీమీటర్లకు ఇంత పట్టింపు ఎందుకంటే, జీవో 168లో ఎత్తైన భవనాలు కానివాటికి ముందు వైపు తప్ప మిగతా పక్కల్లో పది శాతం వరకు తగ్గుదలను రుసుము కట్టించుకుని మాఫీ చేసే అధికారం మున్సిపాలిటీకి ఉంది. దాన్నే కాంపౌండింగ్ అంటారు. మీటరులో పది శాతం పది సెంటీమీటర్లు. అంటే 0.90 ఉంటే గట్టెక్కుతారు, 0.89 ఉంటే ఆ దారి మూసుకుపోతుంది. రుసుము, తగ్గిన మేరకు రిజిస్ట్రేషన్ శాఖ పెట్టిన భూమి ధరను బట్టి లెక్కిస్తారు. సందు పొడవు 40 అడుగులకూ ఏడు సెంటీమీటర్లు తగ్గినా అది ఒక చదరపు మీటరు లోపే ఒక్కో అంతస్తుకు. ఇల్లు పోవడంతో పోలిస్తే అది భారం కాదు.

కాబట్టి ఒక పని చేయండి. ఎండకు వంకరపోని ఉక్కు టేపు తీసుకోండి, గుడ్డ టేపు వద్దు. సందులో ముందు, మధ్య, వెనక మూడు చోట్ల కొలవండి. ఇంటి గోడను ప్లాస్టరు మీది నుంచే కొలవాలి, సజ్జ అంచు నుంచి కాదు. తర్వాత ప్రహరీ గోడ మందం పైన కొలవండి. ప్రతి కొలతకు టేపు మీది అంకె కనిపించేట్టు ఫోటో తీయండి. ఆ తర్వాత జాగా మొత్తం వెడల్పు, మీ ప్రహరీ అవతలి ముఖం నుంచి అటు హద్దు వరకు కొలిచి దస్తావేజులో ఉన్న అంకెతో సరిచూడండి. మీది 30 అడుగుల వెడల్పు జాగా అనుకుంటే 9.14 మీటర్లు రావాలి. దస్తావేజు వెడల్పుకన్నా మీ గోడ బయటికి వెళ్లి ఉంటే మాత్రం నేను చెప్పిన 23 సెంటీమీటర్ల వాదన నిలవదు, గోడే పక్కవాళ్ల జాగాలో ఉందని తేలుతుంది. ఆ నిజం హియరింగ్‌లో వాళ్ల నోట వినడం కన్నా ముందే మీకు తెలిసి ఉండటం మేలు.

మీ కొలత వాళ్ల కొలతతో కలవకపోతే గొడవ పడకండి. "తనిఖీ నివేదిక, కొలతల చిత్రం నకలు ఇప్పించండి, మా సమక్షంలో మళ్లీ కొలవండి" అని రాతపూర్వకంగా అడగండి. సమాచార హక్కు కింద కూడా నకలు అడగవచ్చు, కాని దానికి 30 రోజుల గడువు ఉంటుంది, మీకు అంత టైం లేదు. హియరింగ్‌లో అడగడమే దగ్గరి దారి.

నిజంగా 0.81 వచ్చిందనుకోండి. అప్పుడు కాంపౌండింగ్ హక్కు లేదు. మీ ఇల్లు పిల్లర్ల మీద ఉన్నదైతే ఆ గోడ బరువు మోసేది కాదు, ఇటుక గోడను లోపలికి జరపవచ్చు, కాని పిల్లర్లు ఆ అంచునే ఉంటే అవి జరగవు. స్ట్రక్చరల్ ఇంజనీరును తెచ్చి చూపించి "ఈ పిల్లరు కోస్తే మిగతా ఇంటికి ప్రమాదం" అని ఆయన చేత రాయించి పెట్టండి. తప్పు కొంతభాగానికే పరిమితమైతే ఆ భాగం ఏదో, కూల్చడం తప్ప వేరే దారి ఎందుకు లేదో అధికారి ఉత్తర్వులో వివరించాలని సుప్రీంకోర్టు చెప్పింది. మీ ఇంజనీరు కాగితం ఫైల్లో లేకపోతే ఆయన వివరించడానికి ఏమీ ఉండదు.

ఇంజనీరు ఎలాగూ వస్తారు కాబట్టి ఇంకొకటి కూడా చూపించండి. పునాదులు, పిల్లర్లు రెండంతస్తుల కోసం వేసినవి, మీరు మూడోది ఎక్కించారు. కింది పిల్లర్లలో, దూలాల్లో పగుళ్లున్నాయా, పిల్లరు సైజు, ఇనుము ఎంత, పునాది ఎంత లోతు, ఇవన్నీ ఆయన చూసి భద్రతా ధ్రువపత్రం ఇస్తారు. రివైజ్డ్ ప్లాన్‌కు అది బలం. అంతకన్నా ముందు, ఆ ఇంట్లో పడుకునేది మీ బాపు, మీరు.

మూడోది రేకుల షెడ్డు. దీనికి వాదన లేదు. ముందు ఖాళీకి కాంపౌండింగ్ లేనే లేదు. పైగా షెడ్డు ఇనుప కాళ్లు మోరీ అంచున గాని, రోడ్డు మీద గాని ఉంటే ఇందాక చెప్పిన మినహాయింపులోకి వస్తాయి, 15 రోజుల రక్షణ కూడా ఉండదు. హియరింగ్‌కు ముందే మీరే విప్పించేయండి. విప్పక ముందు, విప్పుతున్నప్పుడు, విప్పిన తర్వాత ఫోటోలు తీసి జవాబుకు జతచేయండి. "మూడో అంశాన్ని మేమే ఫలానా తేదీన తొలగించాం" అన్న ఒక్క వాక్యం మిగతా రెండు అంశాల మీద అధికారి మిమ్మల్ని చూసే తీరునే మారుస్తుంది.

జవాబు రెండు పేజీలు దాటక్కర్లేదు. మీ బాపు పేరుతో, ఆయన సంతకంతో ఉండాలి, నోటీసు ఆయన పేరు మీద ఉంది కనుక. మొదట నోటీసు నంబరు, నోటీసు మీది తేదీ, అందిన తేదీ రాయండి. తర్వాత అంశాల వారీగా ఇలా: "రెండో అంతస్తు జీవో 168 అనుమతించే 10 మీటర్ల ఎత్తు లోపలే ఉంది, రివైజ్డ్ ప్లాన్‌కు దరఖాస్తు చేశాం, నకలు జతచేశాం. తూర్పు వైపు హద్దు నుంచి మేం కొలిచిన దూరం ఇంత, ఫోటోలు జతచేశాం, ఉమ్మడిగా మళ్లీ కొలవాలని, పది శాతం లోపు ఉంటే కాంపౌండ్ చేయాలని కోరుతున్నాం. ముందు షెడ్డు తొలగించాం." చేయని దరఖాస్తు చేశామని రాయకండి. రెండు నకళ్లు తీసుకెళ్లి ఇన్‌వార్డులో ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ముద్ర, తేదీ, నంబరు వేయించుకోండి. ముద్ర వేయమంటే వేయకపోతే అదే రోజు రిజిస్టర్డ్ పోస్టులో పంపండి.

హియరింగ్ అంటే కోర్టు లాంటిది కాదు. కమిషనర్ గది, టేబుల్ మీద మీ ఫైలు, పక్కన టౌన్ ప్లానింగ్ అధికారి. పది నిమిషాల్లో అయిపోతుంది. బాపు రాలేని స్థితిలో ఉంటే మీకు అధికారమిస్తూ ఆయన రాసిన లేఖ, ఆయన ఆధార్ నకలు తీసుకెళ్లండి, లేకుంటే "మీరెవరు" అని వెనక్కి పంపుతారు. లాయరునూ పెట్టుకోవచ్చు. మీరు చెప్పింది రాసుకోమని, ఆ నమోదు నకలు ఇవ్వమని మర్యాదగా అడగండి, హియరింగ్‌ను రికార్డు చేయాలన్నది కూడా సుప్రీంకోర్టు ఆదేశమే. పక్కింటాయన ఎవరైనా ఫిర్యాదు చేసి ఉంటే ఆయన అక్కడ ఉండవచ్చు. ఆయనతో రాజీపడి ఫిర్యాదు వెనక్కి తీయిస్తే అయిపోతుందని చాలామంది అనుకుంటారు. మనసులు కలవడం మంచిదే, కాని ఒకసారి నోటీసు వచ్చాక అది మీకూ మున్సిపాలిటీకీ మధ్య వ్యవహారం, ఫిర్యాదు పోయినంత మాత్రాన అది పోదు.

ఇదంతా నడుస్తున్నన్నాళ్లు పై అంతస్తులో ఒక్క తట్ట సిమెంటు కూడా కలపకండి. ప్లాస్టరు, టైల్స్, సున్నం, ఏదీ వద్దు. నాలుగేళ్ల కింద నా దగ్గరికి వచ్చిన ఒకాయన కేసు సరిగ్గా ఇక్కడే చెడింది. రివైజ్డ్ ప్లాన్ దాదాపు ఖాయమనుకున్న సమయంలో ఆయన కొడుకు పెళ్లి కుదిరింది, వారంలో రంగులు వేయించాడు. నోటీసు తర్వాత కూడా పని ఆపలేదని ఫోటోలతో ఫైల్లో రాశారు. ఆ ఒక్క వాక్యాన్ని తర్వాత మేం ఎక్కడా తుడిపెయ్యలేకపోయాం.

మూడు పొరపాటు నమ్మకాల గురించి క్లుప్తంగా చెప్తాను. ఇంటిపన్ను కడుతున్నాం కదా అన్నది వాదన కాదు. అక్రమ కట్టడానికి జరిమానాతో పన్ను వేస్తారు, అది కట్టినంత మాత్రాన కట్టడం సక్రమం కాదు. ఎల్ఆర్ఎస్ కట్టాం అన్నదీ పనికిరాదు, అది జాగాకు సంబంధించింది, ఇంటికి కాదు. బీఆర్ఎస్, అంటే ఇళ్ల క్రమబద్ధీకరణ, 2015లో వచ్చింది, 2015 అక్టోబర్ 28కి ముందు కట్టినవాటికే. మీది నిరుడు కట్టింది. దానికోసం ఎవరైనా పైసలు అడిగితే ఇవ్వకండి.

ఇక ఉత్తర్వు వచ్చాక. వచ్చిన ఉత్తర్వును నాలుగు ప్రశ్నలతో చదవండి. మీ జవాబులో చెప్పినవి అందులో ఉన్నాయా? ఒప్పుకోకపోతే ఎందుకో రాశారా? కాంపౌండ్ చేయగలదా లేదా తేల్చారా? మొత్తమా, కొంతభాగమా, కూల్చడం ఒక్కటే దారి ఎందుకైందో చెప్పారా? ఈ నాలుగింటికీ జవాబున్న ఉత్తర్వు గట్టిది. "జవాబు సంతృప్తికరంగా లేదు" అన్న ఒక్క ముక్కతో ముగించిన ఉత్తర్వు బలహీనమైనది. ఏదైనా సరే, అందిన రోజు నుంచి 15 రోజులు దాన్ని అమలు చేయకూడదు. ఆ పదిహేను రోజులు అప్పీలుకో కోర్టుకో వెళ్లడానికి, లేదా తప్పున్న భాగాన్ని మీ అంతట మీరే తీసేసుకోవడానికి. అప్పీలు ఎవరికి చేసుకోవాలో ఉత్తర్వులో రాసి ఉంటే ముందు అక్కడికి, లేదంటే ఆర్టికల్ 226 కింద హైకోర్టులో రిట్.

ఇప్పుడే, ఈ నోటీసు మీదే రిట్ వేద్దామని లాయరు అనవచ్చు. వేయవచ్చు. కాని నోటీసు దశలో వెళ్తే కోర్టు మామూలుగా చెప్పేది "మీరు జవాబివ్వండి, అధికారి దాన్ని పరిశీలించి ఉత్తర్వు ఇవ్వాలి, అప్పటిదాకా తొందరపడి చర్య తీసుకోవద్దు" అని. మళ్లీ అదే హియరింగ్‌కు వస్తారు, చేతికి ఖర్చే మిగులుతుంది. గడువు ముగియకుండానే మనుషులు యంత్రంతో వచ్చినా, జవాబు తీసుకోనన్నా, అప్పుడు మాత్రం ఒక్కరోజు కూడా ఆగకండి. ముద్ర వేసిన జవాబు నకలు, గేటు ఫోటో, పోస్టు రసీదు ఒక కవర్లో సిద్ధంగా ఉంటే లాయరు ఆ పూటే పిటిషన్ తయారు చేయగలరు. చట్టబద్ధంగా కూల్చేటప్పుడైనా ముందుగా తనిఖీ నివేదికపై ఇద్దరు పంచుల సంతకాలు, వీడియో రికార్డింగు ఉండాలి. ఆదేశాలు దాటిన అధికారి కోర్టు ధిక్కారానికి, నష్టం తన జేబులోంచి కట్టడానికి బాధ్యుడవుతాడు.

ఈ రోజు సాయంత్రమే సందులో ఆ మూడు కొలతలు, ప్రహరీ మందం, పై స్లాబు నుంచి నేల వరకు ఎత్తు, మీ ముందు రోడ్డు వెడల్పు, దస్తావేజు హద్దుల పేజీ ఫోటో పంపండి. గోడ 23 సెంటీమీటర్లదా, పదకొండున్నరదా తేలితే రెండో అంశానికి జవాబు ఎలా రాయాలో అప్పుడు చెప్తాను.